తెల్ల సోఫా మీద తెల్ల పిల్లి: ఒక్క నొక్కుతో ఎందుకు రాదు?

ఫొటోలో వెనకున్నదంతా తీసేసి మనిషినో వస్తువునో మాత్రమే ఉంచడం ఇప్పుడు ఫోన్‌లో ఒక్క నొక్కు పని. ఎర్ర దుప్పటి మీద కూర్చున్న నల్ల కుక్కను ఇవ్వండి, రెండు సెకన్లలో చక్కగా విడదీసి ఇస్తుంది. అదే తెల్ల సోఫా మీద పడుకున్న తెల్ల పిల్లిని ఇచ్చి చూడండి. ముఖం, చెవులు బాగానే వస్తాయి. వీపు దగ్గర కొంత కరిగిపోతుంది, తోక పూర్తిగా మాయమవుతుంది. దానికి తోడు కుషన్ మూల ఒకటి పిల్లి ఒంట్లో భాగంలా అతుక్కుని వస్తుంది. యాప్ మార్చి చూసినా తప్పు జరిగే చోటు మారుతుందేమో గానీ తప్పు మాత్రం పోదు. ఎందుకంటే కష్టం యాప్‌లో కంటే ఎక్కువగా ఆ ఫొటోలోనే ఉంది.

ఫొటో అంటే చిన్న చిన్న చుక్కలు, అంటే పిక్సెళ్ళు. మామూలు జేపెగ్ ఫొటోలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. పగటి పూట కిటికీ పక్కన తీసిన ఫొటోలో పిల్లి వీపు మీది ఒక పిక్సెల్ ఎరుపు 243, ఆకుపచ్చ 238, నీలం 226 అనుకుందాం. దాని పక్కనే ఉన్న సోఫా పిక్సెల్ 238, 238, 240. మన కన్ను వెలుగును కొలిచే తీరులో లెక్క కడితే ఈ రెండింటి వెలుగూ దాదాపు 238 దగ్గరే తేలుతుంది. అంటే రంగు తీసేసి నలుపు తెలుపు ఫొటోగా మారిస్తే ఆ చోట పిల్లికీ సోఫాకీ మధ్య గీతే ఉండదు. మిగిలిన తేడా అంతా రంగులోనే ఉంది. పిల్లి బొచ్చు కాస్త పసుపు వైపు, కిటికీ వెలుగు పడిన సోఫా కాస్త నీలం వైపు మొగ్గాయి. అందుకే నీలం అంకెలో 14 తేడా ఉంది.

ఇప్పుడు అదే ఫొటోలో సోఫా గుడ్డ మడతను చూడండి. మడత లోపల నీడ వల్ల వెలుగు 190కి పడిపోతుంది. సోఫాకూ దాని మడతకూ మధ్య తేడా 48, సోఫాకూ పిల్లికీ మధ్య తేడా 14. నిజమైన అంచు బలహీనంగా, అబద్ధపు అంచు బలంగా ఉంది. కుషన్ మూల పిల్లితో పాటు కత్తిరించబడి రావడానికి కారణం ఇదే. అంచును వెతికే ఏ పద్ధతికైనా బలమైన గీతే ముందు కనపడుతుంది.

నేటి యాప్‌లు అంచుల్ని మాత్రమే చూసి పని చేయవు. ఎన్నో ఫొటోలతో శిక్షణ పొందిన నమూనాలు ముందు ఇక్కడ ముఖ్యమైన వస్తువు ఏదో గుర్తిస్తాయి. కళ్ళు, గులాబీ రంగు ముక్కు, చెవుల ఆకారం చూసి పిల్లి ఉందని ధీమాగా చెప్పగలవు. అందుకే తల ఎప్పుడూ బాగా వస్తుంది. వీపు మీద, తోక మీద అలాంటి గుర్తులు ఉండవు. అక్కడ నమూనా అంచనా మీద ఆధారపడాలి. పైగా అది ఫొటోను అసలు సైజులో చూడదు. 2020లో వచ్చి, బ్యాక్‌గ్రౌండ్ తీసే ఉచిత సాధనాల్లో బాగా వాడకంలో ఉన్న యూ-స్క్వేర్-నెట్ నమూనా ఏ ఫొటోనైనా 320 పిక్సెళ్ళ వెడల్పు, 320 పిక్సెళ్ళ ఎత్తుకు కుదించి చూస్తుంది. 4000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోన్ ఫొటోలో పన్నెండు పిక్సెళ్ళు కలిసి దానికి ఒక్కటిగా కనపడతాయి. మీసం వెంట్రుక ఆ కుదింపులో చెరిగిపోతుంది, 14 తేడా ఉన్న పల్చని అంచు ఇంకా మసకబారుతుంది. కొత్త నమూనాల్లో ఈ కొలత 1024 దాకా పెరిగింది. మీసాల దగ్గర మెరుగు కనిపిస్తుంది గానీ, ఫొటోలోనే లేని తేడాను ఏ కొలతా తెచ్చి పెట్టలేదు.

బొచ్చు అంచున ఇంకో చిక్కుంది. అక్కడి పిక్సెల్ పూర్తిగా పిల్లిదీ కాదు, పూర్తిగా సోఫాదీ కాదు. సన్నని వెంట్రుక కొంత, వెనక సోఫా కొంత కలిసి ఒకే పిక్సెల్‌గా నమోదవుతాయి. అందులో పిల్లి వాటా ఎంతో తేల్చాలి. నల్ల పిల్లి తెల్ల సోఫా అయితే మధ్యలో బూడిద రంగు వస్తుంది, ఆ బూడిద ఎంత ముదురో చూసి వాటా చెప్పవచ్చు. రెండూ తెలుపైతే, రెండు ఆవుల పాలు ఒకే గిన్నెలో పోసి ఏ ఆవువి ఎన్ని అని అడిగినట్టే. ఏ జవాబు చెప్పినా అంకెలకు సరిపోతుంది. ఒక పెద్ద ఊరట కూడా ఇక్కడే దొరుకుతుంది, దాన్ని తర్వాత చెబుతాను.

చేత్తో సరిచేయడం అంటే ఉన్న ఆ కాస్త తేడాను కంటికి కనపడేలా పెంచి, దాన్ని చూస్తూ మన చేత్తో గీత గీయడం. ఉచితంగా దొరికే జింప్‌లో ఎలా చేయాలో చెబుతాను. ఫొటోషాప్‌లోనూ పద్ధతి ఇదే.

ముందు అసలు లేయర్‌కు ఒక నకలు తీయండి. ఈ నకలు చూడ్డానికే, చివర్లో తీసేస్తాం. దాని మీద `Colors > Components > Extract Component` తెరిచి నీలాన్ని ఎంచుకోండి. ఫొటో బూడిద రంగులోకి మారుతుంది, మీకు కనపడేది నీలం అంకె ఒక్కటే. గది వెలుగును బట్టి ఒక్కోసారి ఎరుపులో తేడా ఎక్కువ ఉంటుంది. అందుకని మూడూ ఒకసారి చూసి, పిల్లి అంచు ఎందులో బాగా తెలుస్తుందో దాన్ని ఉంచుకోండి. తర్వాత `Colors > Levels` తెరిచి ఎడమ అంకె 210, కుడి అంకె 250 పెట్టండి. ఇప్పుడు 210 నుంచి 250 దాకా ఉన్న ఇరుకు పట్టీ మొత్తం 0 నుంచి 255 దాకా సాగుతుంది. పిల్లి నీలం అంకె 226 కాస్తా 102 అవుతుంది, సోఫాది 240 కాస్తా 191 అవుతుంది. 14గా ఉన్న తేడా 89 అయింది. ఇంతకుముందు కనపడని వీపు గీత ఇప్పుడు తేటగా కనపడుతుంది. దాంతో పాటే ఫొటోలోని గరుకుదనం కూడా ఆరు రెట్లు పెరిగి ఇసక చల్లినట్టుంటుంది. నకలును రెండు పిక్సెళ్ళ మేర కాస్త మసక చేస్తే అది అణుగుతుంది.

ఈ నకలును చూస్తూ పాత్స్ టూల్‌తో పిల్లి చుట్టూ గీత గీయండి. చుక్కలు పెట్టి వంపులు తిప్పే ఈ పద్ధతిలో ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. అంచుకు సరిగ్గా మీద కాక, ఒకటి రెండు పిక్సెళ్ళు లోపలికి గీయండి. జేపెగ్ సాధారణంగా వెలుగును పూర్తిగా దాచుకుని, రంగును మాత్రం సగం సూక్ష్మతతోనే దాస్తుంది. అందువల్ల నీలంలో కనపడే అంచు రెండు మూడు పిక్సెళ్ళు అటూ ఇటూ పాకి ఉంటుంది. పిల్లి సోఫాను తాకే చోట, పొట్ట కింద, పాదాల కింద, సన్నని నీడ గీత ఉంటుంది. మొత్తం ఫొటోలో నమ్మదగిన అంచు అదే. అక్కడ గీత నీడకు పిల్లి వైపున నడవాలి.

గీత పూర్తయ్యాక దాన్ని సెలెక్షన్‌గా మార్చి, అసలు లేయర్ మీద `Layer > Mask > Add Layer Mask` తెరిచి, అందులో సెలెక్షన్ ఎంచుకోండి. మాస్క్‌లో తెలుపు ఉన్న చోట ఫొటో కనపడుతుంది, నలుపు ఉన్న చోట దాగుతుంది, బూడిద ఉన్న చోట సగం సగం కనపడుతుంది. ఏదీ చెరిగిపోదు కాబట్టి తప్పు జరిగితే మళ్ళీ దిద్దుకోవచ్చు. నకలును ఇప్పుడు దాచేయవచ్చు.

ఇక బొచ్చు. గీసిన గీత కత్తెరతో కోసిన కాగితంలా నున్నగా ఉంటుంది, పిల్లి అలా ఉండదు. రెండు మూడు పిక్సెళ్ళ మెత్తటి బ్రష్ తీసుకుని, మాస్క్ మీద తెలుపుతో, లోపలి నుంచి బయటికి, బొచ్చు వాలిన దిశలో చిన్న చిన్న గీతలు లాగండి. ఇందాక చెబుతానన్న ఊరట ఇదే. నల్ల పిల్లి అయితే ఇలా చేసినప్పుడు వెంట్రుకల మధ్య తెల్ల సోఫా తొంగి చూసి అంచంతా పాడవుతుంది. ఇక్కడ మీరు బయటపెట్టేది సోఫా పిక్సెలే అయినా దాని రంగు బొచ్చు రంగుకు దాదాపు సమానం, అది బొచ్చుగానే చెల్లిపోతుంది. కొద్దిగా నీలి ఛాయ కనిపిస్తే, పైన కొత్త లేయర్ వేసి, వీపు మీది రంగును పికర్‌తో తీసుకుని పల్చగా పూస్తే చాలు. మీసాలను ఫొటో నుంచి కాపాడాలని తంటాలు పడకండి. కొత్త లేయర్ మీద ఒక పిక్సెల్ గీతలుగా మళ్ళీ గీయడమే తేలిక, చూడ్డానికీ బాగుంటుంది.

పని సరిగ్గా వచ్చిందో లేదో తెల్లటి తెర మీద తెలియదు. పిల్లి లేయర్ కింద ముదురు నీలం నింపిన లేయర్ ఒకటి పెట్టి చూడండి. వదిలేసిన సోఫా ముక్కలు, కరిగిన తోక, అంచు చుట్టూ తెల్ల పట్టీ అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. తర్వాత మధ్యస్థమైన బూడిద రంగు మీద కూడా చూడండి. నీడలో దాగిన తప్పులు అక్కడ తేలుతాయి. పొట్ట కింది నీడను పిల్లితో కలిపి కోయకుండా, కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద వేరే లేయర్‌గా మెత్తగా వేసుకోవాలి. లేకపోతే పిల్లి గాలిలో తేలుతున్నట్టుంటుంది.

ఈ పద్ధతికీ హద్దుంది. పిల్లి, సోఫా రెండూ మూడు అంకెల్లోనూ 255కి చేరి ఉంటే సాగదీయడానికి తేడా అంటూ ఏమీ మిగలదు. లెవెల్స్ పెట్టెలో కనపడే హిస్టోగ్రామ్ కుడి గోడకు అతుక్కుని నిలువుగా లేచి ఉంటే ఆ పరిస్థితి వచ్చిందని అర్థం. అప్పుడు వీపు గీతను పిల్లి ఒళ్ళు ఎలా వంగుతుందో తెలిసిన మన కన్నే ఊహించి గీయాలి. మళ్ళీ ఫొటో తీసే వీలుంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి తీయండి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా చూడండి, పిల్లి కింద ఒక రంగు దుప్పటి పరవండి. అరగంట చేతి పని అక్కడే తప్పుతుంది. తెల్ల గోడ ముందు తెల్ల పంచె కట్టుకుని నిలబడిన పెళ్ళికొడుకు ఫొటోకైనా వర్తించే సూత్రం ఇదే.

పని మొదలుపెట్టే ముందు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: కొత్త బ్యాక్‌గ్రౌండ్ లేత రంగుదా, ముదురుదా? లేతదైతే యాప్ చేసిన తప్పుల్లో చాలా భాగం దానంతటదే కలిసిపోతుంది, తోకను మాత్రం దిద్దుకుంటే చాలు. ముదురుదైతే ఒక్క నొక్కును నమ్మకండి. నీలం ఛానెల్ తెరిచి చేత్తో గీయండి.