మార్కెట్‌ను మించిన మారకపు రేటు: ఆ తేడా ఎవరి సొమ్ము?

మారకపు రేటు గురించి చదివిన సూత్రాలు నిత్యజీవితంలో ఎలా ఉపయోగపడతాయో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. జగిత్యాల జిల్లా నుంచి దుబాయి వెళ్ళిన ఒక కార్మికుడు ఇంటికి 2,000 దిర్హామ్‌లు పంపాలనుకున్నాడని అనుకోండి. గదికి వచ్చిన ఏజెంటు ఇలా అంటాడు: "ఎక్స్ఛేంజికి ఎందుకు పోతవ్ అన్నా? మార్కెట్ మీద దిర్హామ్‌కు రూపాయిన్నర ఎక్కువిస్త. ఫీజు లేదు. గంటల మీ ఇంటోళ్ల ఖాతాల పడ్తయ్." చాలాసార్లు ఆ డబ్బు నిజంగానే పడుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

1. లెక్క ఏం చెబుతుంది?

యు.ఏ.ఇ. దిర్హామ్ విలువ 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హామ్‌లుగా స్థిరంగా ఉంది. కాబట్టి ఆ రోజు డాలరు ధరను 3.6725తో భాగిస్తే దిర్హామ్ మార్కెట్ విలువ తెలుస్తుంది. డాలరు 84.47 రూపాయలు ఉందనుకుంటే దిర్హామ్ విలువ 23 రూపాయలు.

లైసెన్సు ఉన్న ఎక్స్ఛేంజి సంస్థకు కూడా రూపాయలు దాదాపు ఈ ధరకే దొరుకుతాయి. అది మీకు 22.85 చొప్పున ఇస్తే, మిగిలిన 15 పైసలు, ఫీజు దాని ఆదాయం. అంటే ఇంటికి 45,700 రూపాయలు చేరతాయి. ఏజెంటు 24.50 చొప్పున 49,000 ఇస్తున్నాడు. మార్కెట్లో 49,000 రూపాయలు కొనాలంటే సుమారు 2,130 దిర్హామ్‌లు కావాలి. అతను మీ దగ్గర తీసుకున్నది 2,000 మాత్రమే. ఎవరూ ప్రతి ఖాతాదారుకూ 130 దిర్హామ్‌లు నష్టపోతూ వ్యాపారం చేయరు. కాబట్టి ఒకటే అర్థం: ఆ రూపాయలు అతనికి మార్కెట్ ధర కంటే తక్కువకు దొరికాయి.

2. రూపాయిని చవకగా అమ్మేదెవరు?

భారతదేశంలో తన దగ్గరున్న డబ్బును బహిరంగంగా బయటికి తీసుకుపోలేనివాడు. సైబర్ మోసగాళ్ళు ఇందుకు మంచి ఉదాహరణ. దోచుకున్న సొమ్ము ఖాతాలో ఎక్కువసేపు ఉంటే పోలీసులు ఆపేస్తారు. అందుకే కొంత తగ్గించుకొని అయినా దాన్ని వెంటనే దిర్హామ్‌లుగా మార్చుకుంటారు. మీరిచ్చిన 2,000 దిర్హామ్‌లు దుబాయిలోనే అతని మనిషికి చేరతాయి. బదులుగా ఇక్కడి దొంగసొమ్ము మీ ఇంటివాళ్ళ ఖాతాలో పడుతుంది. డబ్బు సరిహద్దు దాటనే దాటదు. మీకు దక్కిన అదనపు మొత్తం ఆ సొమ్మును మార్చినందుకు ఇచ్చిన కమీషన్ లాంటిది.

3. తర్వాత ఏం జరుగుతుంది?

కార్మికుడి భార్య ఖాతాలో 49,000 ఒకేసారి పడలేదు. ముగ్గురు అపరిచితుల ఖాతాల నుంచి 20,000, 18,000, 11,000గా పడ్డాయి. అందులో 18,000 వేరే రాష్ట్రంలో ఎవరో పోగొట్టుకున్న సొమ్ము. బాధితుడు 1930 నంబరుకు ఫిర్యాదు చేయగా, డబ్బు వెళ్ళిన దారి వెంట పోలీసులు ఈ ఖాతా వరకు వచ్చారు. బ్యాంకు ఆ 18,000ను ఆపవచ్చు. కొన్నిసార్లు ఖాతా మొత్తం ఫ్రీజ్ అవుతుంది. అప్పుడు పిల్లల ఫీజుకు దాచుకున్న సొంత డబ్బు కూడా చేతికి రాదు. విడిపించుకోవడానికి ఫిర్యాదు నమోదైన రాష్ట్రపు పోలీసులకు సమాధానం చెప్పాలి. ఏజెంటు రసీదు ఇవ్వలేదు కాబట్టి ఇది భర్త జీతమని చూపడం కష్టం.

చట్టం కూడా ఆమె పక్షాన లేదు. 1999 నాటి ఫెమా చట్టం 3వ సెక్షన్ ప్రకారం, విదేశంలో నివసించే వ్యక్తి తరఫున వచ్చే చెల్లింపును అధీకృత వ్యక్తి ద్వారా తప్ప మరోలా స్వీకరించరాదు. 13వ సెక్షన్ కింద ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా విధించవచ్చు.

4. ఎలా గుర్తించాలి?

మార్కెట్‌ను మించిన రేటంతా మోసం కాదు. కొత్త ఖాతాదారులను ఆకర్షించడానికి లైసెన్సు ఉన్న సంస్థలు మొదటిసారి పంపేవారికి, పరిమిత మొత్తానికి మంచి రేటు ఇస్తాయి. ఆ ఖర్చు సంస్థ ప్రచారానిది. అదే రేటు ఎంత మొత్తానికైనా, ప్రతి నెలా, రసీదు లేకుండా వస్తుంటే జాగ్రత్తపడండి.

రెండో గుర్తు పాస్‌బుక్కులో కనిపిస్తుంది. సక్రమంగా పంపిన డబ్బు సాధారణంగా ఒకే మొత్తంగా వస్తుంది, రసీదులోని వివరాలతో సరిపోతుంది. పరాయి పేర్ల నుంచి ముక్కలుగా పడితే ఆ దారి వెంటనే ఆపాలి. "పొరపాటున పడింది, తిరిగి పంపండి" అని అపరిచితులు అడిగితే మీరే పంపవద్దు. బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. ఖాతా ఫ్రీజ్ అయితే ఫిర్యాదు నంబరు, పోలీస్ స్టేషన్ వివరాలు బ్యాంకు నుంచి తీసుకోండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

డాలరు ధర 88.14 రూపాయలు ఉన్న రోజు ఒక ఏజెంటు దిర్హామ్‌కు 25.20 ఇస్తానన్నాడు. 3,000 దిర్హామ్‌లపై మార్కెట్ విలువకు మించి అతను ఇచ్చేది ఎంత? ఆ మొత్తాన్ని ఎవరు, ఎందుకు భరిస్తున్నారు?

(జవాబు: మార్కెట్ విలువ 24 రూపాయలు, తేడా 3,600 రూపాయలు. రెండో ప్రశ్నకు 2వ భాగం మళ్ళీ చదవండి.)