గదికి టైల్స్ లెక్క: పది శాతం కలిపితే సరిపోతుందా?

టైల్స్ దుకాణంలో లెక్క సాధారణంగా ఒక నిమిషంలో తేలిపోతుంది. గది పొడవు, వెడల్పు అడుగుతారు. రెండూ గుణించి, వృథా కింద పది శాతం కలుపుతారు. వచ్చిన సంఖ్యను ఒక పెట్టెలోని టైల్స్ విస్తీర్ణంతో భాగిస్తే పెట్టెల సంఖ్య వచ్చేస్తుంది. ఈ లెక్క చాలాసార్లు సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు మాత్రం ఆ సంగతి గది చివరి వరసలో, మేస్త్రీ చేతిలో టైల్ లేనప్పుడు తెలుస్తుంది. మళ్లీ దుకాణానికి వెళ్తే అదే డిజైన్ దొరకవచ్చు, అదే రంగు దొరకడం కష్టం. మట్టి, రంగుల మిశ్రమం, కొలిమి వేడి ఒక్కో విడతలో కొద్దిగా మారుతుంటాయి. అందుకే పెట్టె మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు వేస్తారు.

ఉదాహరణకు 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు ఉన్న పడకగదిని తీసుకుందాం. విస్తీర్ణం 143 చదరపు అడుగులు. వేయబోయేది మార్కెట్లో ‘టూ బై టూ’ అని పిలిచే విట్రిఫైడ్ టైల్. పెట్టెకు నాలుగు వస్తాయి.

మొదటి పొరపాటు ఆ పేరులోనే ఉంది. ఈ టైల్ నిజానికి రెండడుగులది కాదు. దాని భుజం 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలు. నాలుగు టైల్స్ కలిపి 16 చదరపు అడుగులు కావు, 15.5 మాత్రమే. తేడా చూడటానికి చిన్నది. కానీ 143కి పది శాతం కలిపితే వచ్చే 157 చదరపు అడుగులను 16తో భాగిస్తే పది పెట్టెలు చాలనిపిస్తుంది. 15.5తో భాగిస్తే పది చాలవు, పదకొండు కావాలి. పెట్టె మీద విస్తీర్ణం ముద్రించి ఉంటుంది కాబట్టి పేరును కాకుండా ఆ అంకెను చూడటమే మంచిది.

రెండోది అసలు విషయం. కోతలో పోయేది విస్తీర్ణాన్ని బట్టి ఉండదు, గోడ దగ్గర మిగిలే పట్టీ వెడల్పును బట్టి ఉంటుంది. రెండు టైల్స్ మధ్య 2 మి.మీ. సందు వదిలితే ఒక్కో టైల్ 602 మి.మీ. ఆక్రమిస్తుంది. మన గది వెడల్పు 3,353 మి.మీ. అందులో అయిదు పూర్తి టైల్స్ పట్టాక 343 మి.మీ. మిగులుతుంది. పొడవు 3,962 మి.మీ. అందులో ఆరు పట్టాక 350 మి.మీ. మిగులుతుంది. ఈ రెండు అంకెలూ టైల్‌లో సగం కంటే, అంటే 300 కంటే ఎక్కువ. 343 మి.మీ. ముక్క కోశాక మిగిలేది 257. ఆ ముక్క మరోచోట 343 మి.మీ. ఖాళీని నింపలేదు. కాబట్టి గోడ పక్కన ప్రతి ముక్కకూ ఒక కొత్త టైల్ కోయాల్సిందే. వెడల్పున ఆరు, పొడవున ఏడు, మొత్తం 42 టైల్స్. విస్తీర్ణం ప్రకారం చూస్తే 37 టైల్స్‌తో గది నిండాలి. అంటే ఒక్క టైల్ పగలకపోయినా, మేస్త్రీ ఎంత నేర్పరి అయినా దాదాపు 14 శాతం అదనంగా కావాలి. ‘పది పెట్టెలు’ అన్న లెక్కలో వచ్చేవి 40 టైల్స్. చివరి వరసలో రెండు తగ్గుతాయి.

ఇప్పుడు అదే గది రెండువైపులా మూడేసి అంగుళాలు తక్కువ ఉందనుకుందాం. అంటే 10 అడుగుల 9 అంగుళాలు, 12 అడుగుల 9 అంగుళాలు. ఈసారి మిగిలే పట్టీలు 267, 274 మి.మీ. రెండూ సగం కంటే తక్కువే. ఒక టైల్‌ను కోస్తే రెండు ముక్కలు వస్తాయి. రెండింటికీ ఒక పక్క కంపెనీ అంచు ఉంటుంది, కోసిన అంచు గోడ వైపు పోయి స్కర్టింగ్ కింద దాక్కుంటుంది. 30 పూర్తి టైల్స్, కోతలకు ఆరు, మొత్తం 36తో పని అయిపోతుంది. వృథా రెండు శాతం లోపే. గది తగ్గింది ఆరు చదరపు అడుగులు, టైల్స్ తగ్గింది 23 చదరపు అడుగులు. వృథా నున్నగా పెరిగే గీత కాదు, మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. సగం టైల్ అనే గడప దాటిన చోట ఒక్కసారిగా ఎగురుతుంది.

ఈ పొదుపుకు కొన్ని షరతులున్నాయి. గీతలకు ఒక దిశ ఉన్న డిజైన్ అయితే రెండో ముక్కను తిప్పి వాడితే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అందం కోసం టైల్స్‌ను గది మధ్యగీత నుంచి మొదలుపెట్టి రెండు గోడల పక్కనా సమానమైన ముక్కలు రావాలని కోరినా అంతే. చిన్న గదిలో అప్పుడు ఒక్కో పక్క సుమారు 434 మి.మీ. ముక్క పడుతుంది, అది సగం కంటే పెద్దది. రెండు దిశల్లోనూ అలా చేస్తే 36 కాస్తా 42 అవుతుంది. గది మూలలు తిన్నగా ఉండాలి కూడా. 11, 13 అడుగుల గదిలో రెండు కర్ణాలూ ఇంచుమించు 17 అడుగుల అర అంగుళం రావాలి. వాటిలో తేడా ఉంటే గది వంకర, గోడ పక్క ముక్కలు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా వస్తాయి. 267 మి.మీ. అనుకున్నది ఒక చివర 300కి చేరితే చాలు, ఒక టైల్‌కు రెండు ముక్కలన్న లెక్క చెదిరిపోతుంది.

అయితే పెద్ద గదిలో మిగిలిన ముక్కలు పారేయాల్సినవేనా? ఇక్కడ కథ కొంచెం మారుతుంది. గోడ అడుగున నాలుగు అంగుళాల ఎత్తున వేసే స్కర్టింగ్‌కూ అదే టైల్ వాడతారు. తలుపు మూడడుగులు తీసేస్తే పెద్ద గది చుట్టుకొలత 45 అడుగులు. దానికి 600 మి.మీ. పొడవున్న పట్టీలు 23 కావాలి. కోతలో మిగిలినవి 257, 250 మి.మీ. వెడల్పున్న 12 ముక్కలు. ఒక్కోదాని నుంచి రెండేసి పట్టీలు తీస్తే 24 వస్తాయి. అంటే వృథా అనుకున్నదంతా దాదాపు సరిగ్గా స్కర్టింగ్‌కే సరిపోయింది. చిన్న గదిలో మిగిలేవి 60 మి.మీ. పేలికలు, వాటితో ఏమీ కాదు. అక్కడ స్కర్టింగ్ కోసం మరో అయిదు టైల్స్ కోయాలి. 36కి 5 కలిపితే 41. పెద్ద గది 42తోనే ఆగింది. నేలను, స్కర్టింగ్‌ను విడివిడిగా లెక్కించి రెండింటికీ పది శాతం కలిపేవారు ఈ సంగతి గమనించరు. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఒక ముక్క నుంచి తీసిన రెండో పట్టీకి కంపెనీ అంచు ఉండదు కాబట్టి పైకి కనిపించే అంచును రాయితో అరగదీయించాలి. ఆ కూలి ముందే మాట్లాడుకోవాలి.

పగిలే వాటికీ, తర్వాత ఎప్పుడైనా మార్చడానికీ రెండు టైల్స్ కలుపుకుంటే పెద్ద గదికి 44, సరిగ్గా 11 పెట్టెలు.

ఇక అతికించే మందు, మేస్త్రీల మాటలో టైల్ గమ్. విట్రిఫైడ్ టైల్ సుమారు 1,200 డిగ్రీల వేడిలో కాలి దాదాపు గాజులా గట్టిపడుతుంది. అది పీల్చే నీరు అర శాతం లోపే. మామూలు సిమెంటు పాలు లోపలికి ఇంకి పట్టు దొరకబుచ్చుకోవడానికి దానిలో రంధ్రాలు ఉండవు. అందుకే పాలిమర్ కలిపిన గమ్ వాడతారు. ఈ గమ్‌లకు ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం ఉంది. సంచి మీద ఆ గుర్తుతోపాటు ఏ రకమో రాసి ఉంటుంది, అది విట్రిఫైడ్ టైల్‌కు పనికొచ్చే రకమో కాదో చూడాలి.

సంచి మీద ‘20 కిలోలకు 50 చదరపు అడుగులు’ వంటి అంకె కనిపిస్తే అది ఎంత మందానికో కూడా చదవాలి. ఒక చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి సుమారు 1.4 కిలోల పొడి పడుతుంది. 3 మి.మీ. మందమైతే 20 కిలోల సంచి 51 చదరపు అడుగులకు వస్తుంది. పెద్ద టైల్ కింద, కాస్త ఎత్తుపల్లాలున్న నేల మీద సగటు మందం 5 మి.మీ. దాకా పోతుంది. అప్పుడు అదే సంచి 31 చదరపు అడుగులకే అయిపోతుంది. మన గదికి కాగితం మీద మూడు సంచులు, నేల మీద అయిదు. స్కర్టింగ్‌కు పట్టే కొద్దిపాటి గమ్ కూడా ఆ అయిదింటిలోనే సరిపోతుంది. కాబట్టి సంచులు కొనేముందు నీటి గొట్టంతో నేల మట్టం చూడాలి. పల్లం పది మిల్లీమీటర్లు దాటితే దాన్ని గమ్‌తో నింపడం డబ్బు దండగ. మందంగా వేసిన గమ్ ఆరేటప్పుడు ముడుచుకుని టైల్‌ను కదిలిస్తుంది కూడా. అలాంటి చోట ముందుగా సిమెంటు, ఇసుకతో నేల సరిచేయించడం చవక.

గమ్ ఆదా చేయాలని మధ్యలో ముద్దలుగా పెట్టి టైల్ నొక్కేస్తే అడుగున డొల్ల మిగులుతుంది. మూల మీద బరువైన వస్తువు పడితే అక్కడే విరుగుతుంది. పళ్ల తాపీతో చాళ్లుగా పరిచి, మొదట్లోనే ఒక టైల్‌ను పైకెత్తి చూస్తే వెనక ఎంత భాగానికి గమ్ అంటిందో తెలిసిపోతుంది. ఆరిన తర్వాత నాణెంతో తట్టి వినడం ఒక్కటే మార్గం. అప్పటికి సరిచేయడం ఖరీదైన పని.

కూలి విషయంలో ధర కంటే కొలతే ఎక్కువ గొడవ తెస్తుంది. చదరపు అడుగు అంటే వేసిన నేలా, కొన్న టైలా? స్కర్టింగ్ చదరపు అడుగుల్లోనా, నిడివి అడుగుల్లోనా? సందులు నింపే గ్రౌట్ పని అందులోనే ఉందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు పని మొదలవకముందే ఒక కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు మొత్తం వేద్దాం. ధరలు ఊరిని బట్టి మారతాయి, ఇక్కడివి లెక్క కోసం అనుకున్నవి. పన్నులతో కలిపి టైల్ చదరపు అడుగు రూ.60 అయితే పెట్టె రూ.930, 11 పెట్టెలు రూ.10,230. సంచి రూ.400 చొప్పున అయిదు సంచుల గమ్ రూ.2,000. గ్రౌట్, స్పేసర్లు, కటింగ్ బ్లేడు కలిపి రూ.400. నేలకు రూ.25 చొప్పున కూలి రూ.3,575. స్కర్టింగ్‌కు అడుగుకు రూ.15 చొప్పున రూ.675. టైల్స్, గమ్ కలిపి నాలుగు క్వింటాళ్లు దాటే బరువు కాబట్టి రవాణాకూ మోతకూ రూ.600. అంతా కలిపితే రూ.17,480. గది 143 చదరపు అడుగులు, అంటే చదరపు అడుగుకు రూ.122.

దుకాణంలో చూసిన 60కి ఇది రెట్టింపు. ఇందులో టైల్ వాటా సుమారు 71 రూపాయలు, ఎందుకంటే 143 అడుగుల నేలకు 170 అడుగుల టైల్ కొన్నాం. మిగతా 51 రూపాయలు టైల్ ఎంత ఖరీదైనా పెద్దగా మారవు. ఇదే గదిలో 40 రూపాయల టైల్ వేస్తే ఖర్చు 98 దగ్గర ఆగుతుంది, 100 రూపాయల టైల్ వేస్తే 170 అవుతుంది. టైల్ ధర మూడో వంతు తగ్గించుకున్నవారికి మొత్తం మీద మిగిలేది అయిదో వంతే.