జీతం పెరిగితే పాత ఏళ్ల గ్రాట్యుటీ కూడా పెరుగుతుంది

మార్చి 31 దగ్గరపడగానే చాలా చిన్న కంపెనీల్లో ఒక ఎంట్రీ అలవాటుగా పడిపోతుంది. సిబ్బంది బేసిక్, డీఏ మీద 15 రోజుల జీతం లెక్కగట్టి, దాన్నే ఆ ఏటి గ్రాట్యుటీ ప్రొవిజన్‌గా రాసేస్తారు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం అని చట్టమే చెబుతోంది కాబట్టి ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ ఆ 15 రోజులు కట్టాల్సింది ఉద్యోగి ఆఖరున తీసుకున్న జీతం మీద. అలవాటు ఎంట్రీలో తప్పిపోయేది ఇదే.

గుంటూరులో 18 మంది పనిచేసే ఒక ఎరువుల పంపిణీ కంపెనీని ఊహించుకుందాం. అకౌంటెంటు చేరి 12 ఏళ్ల 7 నెలలైంది. బేసిక్, డీఏ కలిపి 26,000 రూపాయలు. గ్రాట్యుటీకి నెలంటే 26 రోజులే కాబట్టి రోజుకు 1,000, పదిహేను రోజులకు 15,000. ఆరు నెలలు దాటిన సర్వీసును పూర్తి ఏడాదిగా తీసుకోవాలి కనుక 13 ఏళ్లకు 1,95,000 రూపాయలు.

నిరుడు ఇదే తేదీకి ఆయన జీతం 23,400. అప్పటి లెక్కన ఏడాదికి 13,500 చొప్పున 12 ఏళ్లకు 1,62,000. అంటే బాకీ ఈ ఏడాది 33,000 పెరిగింది. అందులో ఈ ఏటి సర్వీసుది 15,000 మాత్రమే. మిగతా 18,000 పాత 12 ఏళ్లలో ఒక్కో ఏడాదికి 1,500 చొప్పున పెరిగింది. అలవాటు ఎంట్రీ వేసిన కంపెనీ ఈ ఒక్క మనిషి దగ్గరే సగానికి పైగా ఖర్చును చూపలేదన్నమాట.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌తో ఇదే పరిస్థితి జీతం పెంచకుండానే వస్తుంది. మొత్తం వేతనంలో అలవెన్సులు సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. బేసిక్ తక్కువగా పెట్టి అలవెన్సులు ఎక్కువ ఇచ్చే కంపెనీకి పాత ఏళ్ల బాకీ కూడా ఒక్కసారిగా పైకి పోతుంది.

ఐదేళ్లు నిండనివాళ్లను జాబితాలోంచి తీసేయడం మరో పొరపాటు. నాలుగేళ్ల రెండు నెలల కిందట చేరిన స్టోర్‌కీపరు రేపు మానేస్తే గ్రాట్యుటీ రాకపోవచ్చు. అయినా ఆ నాలుగేళ్ల పని కంపెనీకి అందింది, ఆయన ఇంకొన్నాళ్లుంటే డబ్బు ఇవ్వక తప్పదు. పైగా ఉద్యోగి చనిపోతే ఐదేళ్ల షరతే వర్తించదు. 18,200 జీతం మీద ఆయన పేరున 42,000 జాబితాలో ఉండాలి.

ఇలా అందరిదీ కూడితే ఈ మార్చి 31కి 10,60,000 వచ్చిందనుకుందాం. నిరుటి ప్రొవిజన్ 9,40,000. మధ్యలో ఒకరు రిటైరైతే ఇచ్చిన 1,20,000ను ప్రొవిజన్ ఖాతాకే డెబిట్ చేశారు. కాబట్టి ఖాతాలో మిగిలింది 8,20,000. ఇప్పుడు గ్రాట్యుటీ ఖర్చు ఖాతాకు 2,40,000 డెబిట్ చేసి, ప్రొవిజన్ ఖాతాకు క్రెడిట్ ఇవ్వాలి. చెల్లింపు సంగతి మరిచి, రెండేళ్ల జాబితాల తేడా 1,20,000 మాత్రమే వేస్తే ఖాతా 9,40,000 దగ్గరే ఆగుతుంది. ఖాతా నిల్వ, పేర్ల జాబితా మొత్తం రూపాయి తేడా లేకుండా కలిశాయో లేదో చూస్తే ఈ తప్పు అప్పుడే బయటపడుతుంది.

సెలవుల నగదుకూ ఎంట్రీ ఇలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఐదేళ్ల షరతు లేదు, రోజు జీతం 26తో తీయాలా 30తో తీయాలా అన్నది కంపెనీ సెలవుల నిబంధనలు చెప్పాలి. సంస్థ అనుమతించిన గరిష్ఠ రోజులకు మించి పేరుకున్నవి లెక్కలోకి రావు. చిక్కంతా రిజిస్టరుతోనే. మార్చి ఆఖరి వారంలో వాడుకున్న సెలవులకు ఏప్రిల్లో అర్జీ పెడతారు, దాంతో నిల్వ ఎక్కువగా కనిపిస్తుంది. హాజరు పట్టీతో సరిచూశాకే రోజుల్ని జీతంతో గుణించాలి.

అందరూ మార్చి 31నే వెళ్లిపోతున్నారనుకుని కట్టే ఈ లెక్కను ఏఎస్ 15 ప్రమాణం 50 మందికంటే తక్కువ సిబ్బంది ఉన్న చిన్న కంపెనీలకు ఒప్పుకుంటుంది. ఇందులో రాబోయే జీతాల పెంపు, మధ్యలో మానేసేవాళ్ల శాతం ఉండవు. పెద్ద కంపెనీలకు వాటిని అంచనా కట్టి, ఆ మొత్తాన్ని ప్రభుత్వ బాండ్ల రాబడి రేటుతో నేటి విలువకు తెచ్చే యాక్చురీ నివేదిక కావాలి.

ప్రొవిజన్ వేసినంత మాత్రాన ఆదాయపు పన్ను తగ్గదు. గ్రాట్యుటీకి ఆమోదం పొందిన నిధిలో డబ్బు జమచేస్తేనో, ఆ ఏడాదిలో ఇవ్వాల్సి వస్తేనో మినహాయింపు దొరుకుతుంది. సెలవుల నగదుకైతే చేతికిచ్చినప్పుడే. అందువల్ల పన్ను లెక్కలో ఈ ఏటి 2,40,000ను లాభానికి తిరిగి కలిపి, రిటైరైన వ్యక్తికి నిజంగా ఇచ్చిన 1,20,000ను మాత్రం ఖర్చుగా చూపుకోవాలి.