ఏడాదికోసారి ఇంటి బ్యాలెన్స్ షీట్: ఆస్తి పెరిగిందా, బంగారం ధరే పెరిగిందా?

నెలకు ఎంత వస్తోంది, ఎంత ఖర్చవుతోంది అన్నది చాలా ఇళ్లలో నోటి లెక్కగానైనా తెలుస్తుంది. మొత్తం మీద కుటుంబం ముందుకు పోతోందా, వెనక్కి పోతోందా అంటే మాత్రం జవాబు దొరకదు. దానికి ఏడాదికి ఒక్క కాగితం చాలు. ఒక వైపు ఉన్న ఆస్తులు, మరో వైపు తీర్చాల్సిన అప్పులు రాయాలి. ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదే నికర ఆస్తి.

ముందుగా ఒక తేదీ ఖాయం చేసుకోవాలి. మార్చి 31 వీలుగా ఉంటుంది, ఎందుకంటే బ్యాంకులు హోమ్ లోన్ లెక్కలు ఆ తేదీ వరకే ఇస్తాయి. ఏ తేదీ అయినా సరే, ప్రతి ఏడాదీ అదే ఉండాలి. ఒక ఏడాది జీతం పడిన మర్నాడు, ఇంకో ఏడాది పండగ ఖర్చులయ్యాక రాస్తే రెండింటినీ పోల్చలేం.

ఏ ధర రాయాలి?

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. సూత్రం ఒక్కటే: ఈ రోజు అమ్మితే లేదా వసూలు చేస్తే చేతికి ఎంత వస్తుందో అంతే రాయాలి.

బంగారం కొన్నప్పుడు కట్టిన మజూరీ తిరిగి రాదు. రాళ్ల బరువు, తరుగు తీసేసి మిగిలిన గ్రాములకు ఆ రోజు ధర కట్టాలి. నగ బ్యాంకులో తాకట్టులో ఉన్నా అది మీదే కాబట్టి ఆస్తుల వైపు పూర్తి విలువ రాసి, గోల్డ్ లోన్ అసలు, వడ్డీ అప్పుల వైపు రాయాలి. ఎల్ఐసీ పాలసీకి బాండు మీద ఉన్న మొత్తం కాకుండా, ఈ రోజు సరెండర్ చేస్తే వచ్చేదే రాయాలి. ఉమ్మడి ఇల్లైతే మీ వాటా మాత్రమే లెక్క.

చిట్టీ దగ్గర చాలామంది పొరబడతారు. పాట పాడకముందు కట్టిన కిస్తీలు మీ ఆస్తి. పాడి డబ్బు తీసుకున్నాక ఇంకా కట్టాల్సిన కిస్తీలన్నీ అప్పే.

హోమ్ లోన్‌కు మిగిలిన ఈఎంఐలన్నీ కూడి రాయకూడదు, వాటిలో ఇంకా పుట్టని వడ్డీ కూడా కలిసి ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్న బాకీ అసలు రాస్తే చాలు.

ఒక కుటుంబం లెక్క

ఉదాహరణకు కర్నూలులో స్పేర్ పార్ట్స్ షాపు నడిపే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. నగల బరువు 80 గ్రాములు, తరుగు పోను 75. మొదటి ఏడాది గ్రాము ధర 9,000 రూపాయలు, రెండో ఏడాది 12,000 అనుకుందాం. కస్టమర్ల దగ్గర అరువు బాకీ మొదటి ఏడాది 1,20,000 ఉంది. అందులో 40,000 రెండేళ్లుగా కదలలేదు కాబట్టి దాన్ని వదిలేసి 80,000 మాత్రమే రాశారు.

| వివరం | మొదటి ఏడాది | రెండో ఏడాది |
|---|---|---|
| నగదు, బ్యాంకు | 60,000 | 20,000 |
| షాపు సరుకు (కొన్న ధరకు) | 4,00,000 | 4,50,000 |
| రావాల్సిన అరువు | 80,000 | 1,50,000 |
| చిట్టీ | 1,80,000 | 0 |
| బంగారం | 6,75,000 | 9,00,000 |
| ఇల్లు | 30,00,000 | 30,00,000 |
| బైక్ | 50,000 | 40,000 |
| మొత్తం ఆస్తులు | 44,45,000 | 45,60,000 |
| హోమ్ లోన్ | 11,00,000 | 10,20,000 |
| గోల్డ్ లోన్, వడ్డీ | 1,60,000 | 1,60,000 |
| హోల్‌సేల్ బాకీ | 1,45,000 | 2,15,000 |
| బంధువుల చేబదులు | 1,00,000 | 1,00,000 |
| చిట్టీ కిస్తీలు | 0 | 60,000 |
| మొత్తం అప్పులు | 15,05,000 | 15,55,000 |
| నికర ఆస్తి | 29,40,000 | 30,05,000 |

దీన్ని ఎలా చదవాలి?

పైకి చూస్తే 65,000 పెరిగింది. కానీ బంగారం గ్రాములు అవే 75. ధర పెరగడం వల్లే 2,25,000 కలిసింది. దాన్ని పక్కన పెడితే కుటుంబం 1,60,000 వెనక్కి పోయింది. అందుకే బంగారం పక్కన ప్రతి ఏడాదీ గ్రాములు కూడా రాయాలి. ఇంటి ధరనూ వీధిలో వినే మాటను బట్టి ఏటా పెంచకూడదు. పక్కన అలాంటి ఇల్లు నిజంగా అమ్ముడైనప్పుడే మార్చాలి.

మరి ఆ 1,60,000 నష్టమేనా? కాదు. ఆ ఏడాది చిట్టీ పాడితే చేతికొచ్చిన 4,75,000 కూతురి పెళ్లికి ఖర్చయింది. పెళ్లి లేకుంటే ఈ ఇల్లు దాదాపు 3,15,000 మిగిల్చేది. అంటే సంపాదన బాగానే ఉంది, పెళ్లి ఖర్చు మాత్రం ఏడాదిన్నర పొదుపును తీసుకుపోయింది. రెండో కూతురి పెళ్లికి ఎంత ఖర్చు పెట్టాలో, ఎన్నేళ్ల ముందు చిట్టీ మొదలుపెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

అసలు ఆందోళన ఇంకోచోట ఉంది. అరువు 70,000 పెరిగింది, హోల్‌సేల్ బాకీ కూడా సరిగ్గా 70,000 పెరిగింది, చేతిలో నగదు 20,000కు పడిపోయింది. హోల్‌సేలర్ డబ్బుతోనే కస్టమర్లకు అరువిస్తున్నారన్న మాట. హోల్‌సేల్ బాకీ, గోల్డ్ లోన్, చిట్టీ కిస్తీలు కలిపి ఏడాదిలోపు కట్టాల్సింది 4,35,000. నగదు, అరువు మొత్తం వచ్చినా 1,70,000 దాటదు. నికర ఆస్తి 30 లక్షలున్నా ఇల్లు గోడ గోడగా అమ్మలేం కదా. హోల్‌సేలర్ ఒక్కసారి సరుకు ఆపితే షాపు ఇబ్బందిలో పడుతుంది. కొత్త అరువుకు హద్దు పెట్టుకోవడం, పాత బాకీ వసూలు చేయడం ఈ ఏడాది మొదటి పని.

ఎవరి పేరున?

కాగితం మీద ఇంకో కాలమ్ గీసి ప్రతి ఆస్తి, అప్పు ఎవరిదో రాయాలి. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు భార్యవి. వాటిని తాకట్టు పెట్టి షాపుకు వాడితే, ఇల్లంతటి లెక్కలో తేడా రాకపోయినా భర్త ఆమెకు బాకీ ఉన్నట్టే. ఇవ్వకుండా మిగిలిన మెహర్ కూడా అంతే. అది భర్త లెక్కలో అప్పు, భార్య లెక్కలో ఆస్తి. ఇంటాయన చనిపోతే ఆస్తి పంపకానికి ముందు అప్పులు తీర్చాలి, వాటిలో మెహర్ కూడా ఉంటుంది. రాసి లేకపోతే గుర్తు చేసేవాళ్లు కూడా ఉండరు. బంధువుల చేబదులు సంగతీ ఇదే.

ఈ నికర ఆస్తి మొత్తం మీద జకాత్ లెక్క కట్టకూడదు. ఉంటున్న ఇల్లు, వాడే బైక్ జకాత్‌లోకి రావు. నగదు, బంగారం, అమ్మకానికున్న సరుకు వస్తాయి. సరుకుకు ఏ ధర కట్టాలి, హోమ్ లోన్‌లాంటి పెద్ద అప్పులో ఎంత తీసేయాలి అన్నది ఆలిమ్‌ను అడగాలి. జకాత్‌కు చాంద్రమాన సంవత్సరం లెక్క కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందుకే ఆ లెక్కకు వేరే కాగితం పెట్టుకుని, వివరాలు మాత్రం ఇందులోంచి తీసుకోవచ్చు.

పాత కాగితాలు పారేయకూడదు. రెండు ఏళ్లవి పక్కపక్కన పెడితే ఏం మారిందో తెలుస్తుంది, నాలుగైదు ఏళ్లవి పెడితే ఏ అలవాటు వల్ల మారిందో తెలుస్తుంది. పై కుటుంబంలో గోల్డ్ లోన్, చేబదులు రెండేళ్లుగా కదలలేదు. మూడో ఏడాది కాగితంలోనూ అవే అంకెలు కనిపిస్తే, ఆ అప్పులు తీర్చడానికి ఇంట్లో ఎవరూ డబ్బు పక్కన పెట్టడం లేదని అర్థం.