ఊగాల్సిన జడ వణుకుతోందా?

త్రీడీ నర్తకి గిర్రున తిరిగి ఆగితే, నడుము దాటిన జడ ఆమెతోపాటే ఆగిపోకూడదు. ఒక ఊపు ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మెల్లగా కుదురుకోవాలి. ఆ ఊపును యానిమేటర్ ఫ్రేము ఫ్రేముకీ కూర్చుని చేయడు. జడ లోపల వరసగా కొన్ని బోన్లు పెట్టి, వాటి కదలికను లెక్కకు వదిలేస్తాడు. ఆటల్లోనూ వీట్యూబర్ల బొమ్మల్లోనూ జుట్టు, తోక, భుజాల మీది కేప్ చాలావరకు ఇలాగే కదులుతాయి. ఈ బోన్లనే స్ప్రింగ్ బోన్లు అంటారు.

జపాన్‌లో 2018లో మొదలైన వీఆర్ఎం అనే ఫైలు పద్ధతిలో, గురుత్వాకర్షణను పక్కన పెడితే, ఈ లెక్క మూడు వరుసలే. ప్రతి బోన్ కొసకూ ప్రతి ఫ్రేములో ఇదే జరుగుతుంది:

```
velocity = (now - prev) * (1 - dragForce)
next = now + velocity + restDir * stiffness * dt
next = head + normalize(next - head) * length
```

మొదటి వరుస పాత ఊపు. `dragForce` 0.4 అయితే గత ఫ్రేము ఊపులో 60 శాతమే మిగులుతుంది. రెండో వరుస ఆ ఊపుకు మరో లాగుడు కలుపుతుంది. యానిమేటర్ మొదట పెట్టిన ఆకారం వైపు `stiffness` కొసను లాగుతుంది. ఈ రెండూ అయ్యాక కొస ఎక్కడికి పోయినా, మూడో వరుస దాన్ని పట్టుకొచ్చి బోన్ పొడవుకు సరిగ్గా నిలబెడుతుంది. జడ రబ్బరులా సాగకుండా కాపాడేది ఇదే. 2000లో వచ్చిన ‘హిట్‌మ్యాన్’ ఆటలో కూలిపోయే శరీరాలకూ ఇలాంటి కిటుకే వాడారు. పొడవును నిలబెట్టే పని స్ప్రింగుకే అప్పగిస్తే, బిగుతు పెంచేకొద్దీ లెక్క అదుపు తప్పుతుంది. అందుకే పొడవును నేరుగా సరిచేస్తారు. అదీ తల దగ్గర మొదలై కొస దాకా వరసగా జరగాలి.

ఇక జడనే తీసుకుందాం. 10 సెంటీమీటర్ల బోన్లు ఐదు, చివర జడకుచ్చులకు 2 సెంటీమీటర్ల బోన్ ఒకటి. అన్నిటికీ `stiffness` 1 పెట్టారు. సెకనుకు 60 ఫ్రేములైతే ఆ లాగుడు ఫ్రేముకు 1.67 సెంటీమీటర్లు. పెద్ద బోన్‌కు అది పొడవులో ఆరో వంతు. కుచ్చుకైతే దాదాపు దాని పొడవంత. అందుకే చిన్న వంపు ఒక్క ఫ్రేములో పెద్ద బోన్‌లో ఏడో వంతు తగ్గితే, కుచ్చులో సగం దాకా తగ్గిపోతుంది. జడంతా హాయిగా ఊగుతుంటే కుచ్చు మాత్రం పుల్లలా బిర్రబిగుసుకుని కనిపిస్తుంది. కుచ్చు ఒక్కదానికే 0.2 పెడితే రెండూ కలిసి ఊగుతాయి. కొత్తవాళ్లు ఇది పట్టించుకోకుండా అన్నిటికీ ఒకే అంకె ఇచ్చేసి, తర్వాత గురుత్వాకర్షణ మీద పడతారు.

`dragForce`తో చిక్కు వేరు. అది కాలాన్ని కాదు, ఫ్రేములను లెక్కపెడుతుంది. 60 ఫ్రేముల కంప్యూటర్ మీద సరిపెట్టిన 0.4తో, సెకనులో పదో వంతు గడిచేసరికి ఊపులో 5 శాతం కూడా మిగలదు. అదే బొమ్మను 30 ఫ్రేములకు పడిపోయే ఫోన్‌లో పెడితే అంత సేపటికీ దాదాపు 22 శాతం మిగులుతుంది. జడ ఆగనంటుంది. 30 ఫ్రేములకు కావాల్సింది 0.64. 0.6ను 0.6తోనే గుణించి, వచ్చిన 0.36ను 1 నుంచి తీసేస్తే అది వస్తుంది. రాసేవాళ్లు ఈ మార్పును కోడ్‌లోనే పెట్టుకోవాలి, లేదా లెక్కను ఎప్పుడూ ఒకే వేగంతో నడపాలి. రెండో దారి పట్టినవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. లెక్క సెకనుకు 50 సార్లు, తెర 60 సార్లు మారుతుంటే, కొన్ని ఫ్రేముల్లో జడ కదలదు. నడుస్తున్నప్పుడు అది క్రమం తప్పని కుదుపులా కనిపిస్తుంది. మధ్య ఫ్రేములకు ముందు వెనకల లెక్కల నుంచి స్థానం అంచనా కట్టి చూపిస్తే అది పోతుంది.

అసలు వణుకు కారణం తెలియాలంటే బొమ్మను కదలకుండా నిలబెట్టి చూడాలి. ఏమీ కదలకపోయినా జడ వణుకుతుంటే మొదట చూడాల్సింది కొలైడర్‌నే. జడ ఒంట్లోకి దూరకుండా వీపు చుట్టూ పెట్టే కనిపించని గోళం అది. జడ మొదటి ఆకారమే ఆ గోళంలోకి ఒక అర సెంటీమీటరు దిగి ఉంటే, ప్రతి ఫ్రేములో `stiffness` లోపలికి లాగుతుంది, గోళం బయటికి నెడుతుంది. ఇక్కడ `dragForce` పెంచితే వణుకు కాస్త తగ్గినట్టుంటుంది కానీ జడ తేనెలో మునిగినట్టు కదులుతుంది. గోళాన్ని చిన్నది చేయడమో, జడను మొదటే కొంచెం ఎడంగా పెట్టడమో చేయాలి. నిలబడితే బాగుండి, నడిస్తేనే వణికితే వరస చూడాలి. యానిమేషన్ శరీరాన్ని కదిపాకే ఈ లెక్క నడవాలి.

కేప్ దగ్గర మాత్రం ఈ పద్ధతికి హద్దు కనిపిస్తుంది. కేప్‌లో నిలువుగా నాలుగైదు గొలుసులుంటాయి, కానీ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. కాలు ముందుకొచ్చి మధ్య గొలుసును నెడితే పక్కవి ఉన్నచోటే ఉంటాయి. ఏ బోన్ పొడవూ మారదు, అయినా రెండు గొలుసుల మధ్య గుడ్డ సాగిపోతుంది. మూడో వరుస అడ్డంగా ఏమీ చేయలేదు. గొలుసుల సంఖ్య పెంచి, గుడ్డ మీది ప్రతి బిందువునూ పక్కపక్కనున్న రెండు గొలుసులకు పంచితే పొట్టి కేప్‌కు సరిపోతుంది. మోకాళ్లు దాటే కేప్‌కు అడ్డంగా కూడా పొడవు కాపాడే గుడ్డ సిమ్యులేషన్ కావాల్సిందే.