అడవి దారిలో కలిసే చోటు

హైదరాబాద్ నుంచి మూడు కార్లలో శ్రీశైలం బయల్దేరుతున్నారా? ప్రయాణించేవాళ్లతోనే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. కారుకొకరు, అదీ డ్రైవింగ్ చేయనివాళ్లు, లైవ్ లొకేషన్ పంపాలి. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని గడువులుంటాయి. 8 గంటలదే ఎంచుకోండి.

మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక చాలాచోట్ల సిగ్నల్ అందదు. బాబాయి కారు మ్యాపులో ఒకేచోట నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడకుండా, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. అరగంట కిందటిదైతే ఆగింది కారు కాదు, సమాచారం కావచ్చు.

అందుకే కలిసే చోటు మన్ననూరులోనే ఖాయం చేసుకోవాలి. "దోమలపెంటలో కలుద్దాం" అంటే చాలదు. ఫలానా హోటల్ ముందు, రోడ్డుకు ఎడమవైపు అని చెప్పి, ఆ చోటును మ్యాపులో వెతికి విడిగా పంపండి. కారు చుక్క కదిలినా, ఆగినా ఈ గుర్తు మాత్రం మారదు.