పైకి వెళ్లే దారి ఎందుకంత ఇరుకు?

డాలస్‌లో ఉన్న కొడుకు ఆదివారం పొద్దున వీడియో కాల్ చేస్తాడు. విజయవాడలో ఉన్న అమ్మ అతనికి చక్కగా కనిపిస్తుంది, మాటా బాగానే వినిపిస్తుంది. అమ్మకు మాత్రం కొడుకు బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. "నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోందిరా" అంటుందామె. "మాది మూడొందల ఎంబీపీఎస్ నెట్ అమ్మా, నీ ఫోన్‌లోనే ఏదో ఉంది" అంటాడతను. ఆమె ఫోన్‌లో మిగతా వీడియోలన్నీ ఆగకుండా ఆడుతుంటే మాత్రం లోపం ఆమె వైపున లేదనుకోవచ్చు. అతని ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలోనే ఇరుకుంది. అతని ప్లాన్‌లో మూడొందలు అన్నది డౌన్‌లోడ్ వేగం. పాత కేబుల్ లైన్ల మీద అలాంటి ప్లాన్‌కు జోడుగా వచ్చే అప్‌లోడ్ చాలాచోట్ల 10 ఎంబీపీఎస్ దగ్గరే ఉంటుంది.

ముప్పై వంతుల తేడా ఎందుకన్నది తెలియాలంటే ఆ తీగ పుట్టుక చూడాలి. అమెరికాలో ఇళ్లకు కేబుల్ వేసింది టీవీ కోసం. టీవీ కార్యక్రమాలు కంపెనీ నుంచి ఇంటికి రావడమే తప్ప ఇంటి నుంచి కంపెనీకి వెళ్లేదేమీ లేదు. అక్కడ రెండో నంబరు చానల్ 54 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. దాని నుంచి పైకి ఉన్న మేరంతా చానళ్లకే ఇచ్చేశారు. కింద మిగిలిన 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న ముక్కను తిరుగు దారికి వదిలారు. 1997లో కేబుల్ ఇంటర్నెట్‌కు డాక్సిస్ అనే ప్రమాణం వచ్చినప్పుడు ఈ పంపకం అలాగే కొనసాగింది. దిగే దారికి దాదాపు వెయ్యి మెగాహెర్ట్జ్ దాకా విస్తరించే వీలు దొరికితే, ఎక్కే దారికి 37 మెగాహెర్ట్జ్ మిగిలాయి.

ఆ 37 కూడా పూర్తిగా పనికొచ్చేవి కావు. ఇంట్లో మోటార్లు తిరిగినా, గోడ వెనక కనెక్టర్ వదులైనా పుట్టే రొద ఎక్కువగా ఈ కింది భాగంలోకే చొరబడుతుంది. కంపెనీ నుంచి కిందికి వచ్చే సిగ్నల్ ఒకచోట నుంచి బయల్దేరి అందరికీ పంచబడుతుంది. పైకి వెళ్లేటప్పుడు వీధిలోని ఇళ్లన్నిటి సిగ్నళ్లు ఒకే నోడ్ దగ్గర కలుస్తాయి, వాటితోపాటే ఇళ్లన్నిటి రొదా కలుస్తుంది. ఎవరింట్లోనో తుప్పుపట్టిన కనెక్టర్ మీ కాల్‌ను చెడగొట్టగలదు.

మరి ఎంత మిగిలింది? డాక్సిస్ 3.0లో సాధారణంగా పైదారికి నాలుగు చానళ్లు వాడతారు, ఒక్కోటి సుమారు 27 ఎంబీపీఎస్ మోస్తుంది. మొత్తం వందకు కాస్త పైన. అది ఒక ఇంటిది కాదు, ఆ నోడ్ కింద ఉన్న వందల ఇళ్లకూ కలిపి. ఈ లెక్క చూశాక, పాత లైన్ ఉన్నచోట కంపెనీ పదికో ఇరవైకో మించి ఎందుకు అమ్మలేదో అర్థమవుతుంది. డౌన్‌లోడ్ ఎక్కువ వాడతారు కాబట్టి జనానికి అప్‌లోడ్ అక్కర్లేదని కంపెనీలు చెప్పే మాటలో కొంత నిజముంది. కానీ 2020లో ఆఫీసులూ బడులూ ఒక్కసారిగా ఇంటికి వచ్చాక ఆ వాదన చాలామేరకు పస కోల్పోయింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. మంచి నాణ్యత ఉన్న వీడియో కాల్‌కు రెండు ఎంబీపీఎస్ చాలు. పది ఉన్నప్పుడు కాల్ ఎందుకు తెగుతోంది?

ముందురోజు సాయంత్రం గృహప్రవేశం జరిగిందనుకుందాం. ఫోన్‌లో 10 జీబీ ఫోటోలూ వీడియోలూ చేరాయి. ఇంట్లో వైఫై తగలగానే ఫోన్ వాటిని క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెడుతుంది. 10 జీబీ అంటే 80,000 మెగాబిట్లు. సెకనుకు పది చొప్పున 8,000 సెకన్లు, అంటే రెండు గంటల పావుకు దగ్గర. అంతసేపూ ఆ బ్యాకప్ దారి మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. పట్టనివి మోడెమ్ లోపలి బఫర్‌లో వరుస కడతాయి. టోల్‌గేటు దగ్గర లారీల వరుస వెనక అంబులెన్స్ ఇరుక్కున్నట్టు, మీ మాట మోసే చిన్న ప్యాకెట్ ఆ వరుస చివర నిలబడుతుంది. బఫర్‌లో ఒక మెగాబైట్ నిండి ఉంటే, పది ఎంబీపీఎస్ దారిలో అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. డాలస్ నుంచి విజయవాడకు వెళ్లి రావడానికే పావు సెకను వరకు పోతుంది. రెండూ కలిస్తే సెకను దాటుతుంది. ఒకరు మాట్లాడుతుండగానే రెండోవారు మొదలెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఆలస్యం పెరగడం గమనించిన కాల్ యాప్ బొమ్మ నాణ్యతను తగ్గించేస్తుంది. దీన్ని ఇంజినీర్లు బఫర్‌బ్లోట్ అంటారు.

ఆ సమయంలో డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది. కిందికి వచ్చే డేటాకు "అందింది" అని బదులు పంపాలి, ఆ బదులూ అదే వరుసలో చిక్కుకుంటుంది. బ్యాకప్ అయిపోయాక స్పీడ్ టెస్ట్ పెడితే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, అందుకే చాలామందికి కారణం దొరకదు.

క్లౌడ్ వైపు జరిగే నష్టం ఇంకాస్త మెల్లగా బయటపడుతుంది. ల్యాప్‌టాప్‌లో ఫైల్ సేవ్ చేసి మూత వేస్తాం, అది పూర్తిగా పైకి చేరదు. ఆఫీసులో తెరిస్తే నిన్నటి ప్రతే కనిపిస్తుంది. దాన్నే దిద్దితే ఇంట్లోది ఒకటి, ఆఫీసుది ఒకటి, రెండు ప్రతులు తయారవుతాయి. ల్యాప్‌టాప్ పోయినప్పుడు క్లౌడ్‌లో భద్రంగా ఉందనుకున్నది అసలు ఎక్కలేదని తెలుస్తుంది. సింక్ గుర్తు తిరుగుతున్నంతసేపూ ఆ ఫైల్ మీ యంత్రంలోనే ఉందని గుర్తుంచుకోవాలి.

మీ ఇంట్లో ఇదే జరుగుతోందో లేదో తేల్చుకోవడం సులువు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైప్ చేయండి:

```
ping -t 8.8.8.8
```

ఏ అప్‌లోడూ లేనప్పుడు 15, 20 మిల్లీసెకన్లు చూపిస్తున్నదే, పెద్ద వీడియో ఒకటి ఎక్కిస్తున్నప్పుడు 300, 800 చూపిస్తే వరుస మీ మోడెమ్‌లోనే కట్టినట్టు. వరుస లేకపోయినా కాల్ తెగుతుంటే లైన్ మీద అనుమానం పెట్టాలి. చాలా కేబుల్ మోడెమ్‌లలో బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే పైదారి సిగ్నల్ బలం కనిపిస్తుంది. అది 50 డీబీఎంవీ దాటి ఉంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోందన్నమాట. అప్పుడు కనెక్టర్లు బిగించి చూడాలి, తగ్గకపోతే లైన్‌మన్‌ను పిలవాలి.

వరుస కట్టకుండా చూడటమే మందు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ కంప్యూటర్ యాప్‌ల సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టవచ్చు. పది ఎంబీపీఎస్ ఉన్నవారు ఐదారుకు కుదిస్తే కాల్‌కు చోటు మిగులుతుంది. ఫోన్ బ్యాకప్‌ను కాల్ అయ్యేదాకా ఆపేయడం మేలు. ఇంకా బాగా చేయాలనుకుంటే ఎస్‌క్యూఎం ఉన్న రౌటర్ తీసుకుని, కొలిచిన అప్‌లోడ్ వేగానికి పది శాతం తక్కువగా పరిమితి పెట్టాలి. అప్పుడు వరుస మోడెమ్‌లో కాక రౌటర్‌లో ఉంటుంది, రౌటర్ చిన్న ప్యాకెట్లను ముందు వదులుతుంది. ఇవేవీ దారిని వెడల్పు చేయవు, పది పదిగానే ఉంటుంది.

దారి వెడల్పు చేసే పని కంపెనీలది. పైదారిని 85 మెగాహెర్ట్జ్‌కు, కొన్నిచోట్ల 204కు పెంచుతున్నారు. 2024లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే అప్‌లోడ్ కనీసం 20 ఉండాలని ప్రమాణం మార్చింది. అంతకు ముందు 2015 నుంచి అది 3 మాత్రమే. ఫైబర్‌లో ఈ ఇరుకు చాలా తక్కువ. ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో కిందికి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు ఉంటాయి. హైదరాబాద్, విజయవాడల్లో పైకీ కిందికీ ఒకే వేగం ఇచ్చే ప్లాన్లు దొరుకుతున్నది అందువల్లే. డాలస్ కొడుకు కంటే అమ్మ ఇంటి అప్‌లోడే మెరుగ్గా ఉండటంలో వింత లేదు.

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు పెద్ద అక్షరాల అంకెను పక్కన పెట్టి, "అప్‌లోడ్ ఎంత?" అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.